ఆది కుర్తా చెప్పిన కొలత

మా తమ్ముడి నిశ్చితార్థం ఇంకా ఇరవై రెండు రోజులు ఉందనగా ఆన్‌లైన్‌లో ఒక కుర్తా ఆర్డరు చేశాను. ముదురు ఆకుపచ్చ కాటన్ సిల్క్, కింద సన్నని జరీ అంచు, మెడ చుట్టూ చేతి కుట్టు. మూడో రోజుకే ఇంటికి వచ్చింది. వేసుకుని అద్దం ముందు నిలబడితే బాగానే ఉందనిపించింది. జడ సర్దుకుందామని చేతులు పైకెత్తేసరికి చంకల దగ్గర పట్టేసింది, వీపు మీద బట్ట బిర్రుగా లాగింది. కింద కూర్చోబోతే తుంటి దగ్గర పక్క చీలికలు విచ్చుకుని, చీలిక మొదలయ్యే చోట కుట్టు తెగిపోతుందేమో అన్నంత లాగింది. నిశ్చితార్థంలో పీట పక్కన కూర్చుని తాంబూలాలు అందించాల్సిన మనిషిని నేను. ఆ కుర్తాతో అది కాని పని.

నిజానికి నేను కొలత చూసుకోకుండా ఆర్డరు పెట్టలేదు. ఇంట్లో టేపు తీసి ఛాతీ కొలుచుకుంటే 36 పైన పావు అంగుళం వచ్చింది. ఆ పేజీలో ఉన్న సైజుల పట్టికలో M సైజుకు ఛాతీ 38 అని ఉంది. నాకన్నా దాదాపు రెండు అంగుళాలు ఎక్కువే కదా, హాయిగా సరిపోతుందని M తీసుకున్నాను. కొలిచి, పట్టిక చూసి, ఆలోచించి తీసుకున్న సైజు ఎలా తప్పిందో నాకు అర్థం కాలేదు.

ఆ కంగారులో అదే రాత్రి ఇంకో కంపెనీ వాళ్ల కుర్తా ఒకటి చూసి, ఈసారి బిగుతు ప్రసక్తే ఉండకూడదని XL పెట్టాను. నాలుగో రోజున అదీ వచ్చింది. భుజాల కుట్టు కిందికి జారి చేతుల మీదికి వచ్చింది, మెడ ముందుకు వాలిపోయింది, ఛాతీ దగ్గర నిలువుగా మడతలు పడ్డాయి. ఇద్దరు పట్టేంత వదులు. రెండు కుర్తాలూ వెనక్కి పంపడానికి గడువు ఇంకా మిగిలి ఉంది. పంపేసే ముందు ఒకసారి చూపిద్దామని రెండింటినీ, ఇంట్లో టేపునూ పట్టుకుని మా వీధి చివర టైలరింగ్ చేసే అక్క దగ్గరకు వెళ్లాను. పద్దెనిమిదేళ్లుగా మా ఇంటి జాకెట్లన్నీ కుట్టేది ఆవిడే.

అక్క ముందు కుర్తాలు చూడలేదు. నా టేపు అందుకుని, బల్ల మీద ఉన్న 12 అంగుళాల స్టీలు స్కేలు పక్కన పరిచింది. స్కేలు 12 దగ్గర ఆగితే, టేపు మీద అక్కడ పదకొండూ ముప్పావే ఉంది. "ఇది సాగిపోయిందమ్మా. ఎప్పటిదిది?" అంది. మా అత్తగారి కుట్టు పెట్టెలోది, ఎన్నేళ్లదో నాకూ తెలియదు. గుడ్డ టేపులు లాగి లాగి వాడితే ఇలాగే సాగుతాయట. సాగిన టేపు మీద గీతలు ఒకదానికొకటి దూరమవుతాయి కాబట్టి అది ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. నా అసలు ఛాతీ 37 అయితే ఆ టేపు 36 పావు అని చెప్పింది. ముప్పావు అంగుళం తేడా అక్కడే వచ్చింది. సాగని ఫైబర్ టేపు కుట్టు సామాన్లు అమ్మే ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. కొన్నాక ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూసుకోవాలి. ఇంకొకటి కూడా చూపించింది: టేపు చివర ఉండే లోహపు బిళ్ల అంచు నుంచే సున్నా మొదలవుతుంది. కొందరు ఆ బిళ్లను వదిలేసి, దాని తర్వాత నుంచి కొలుస్తారు. అప్పుడు టేపు అర అంగుళం పైన ఎక్కువ చూపిస్తుంది.

తర్వాత ఆవిడ నన్ను నిలబెట్టి తన టేపుతో కొలతలు తీసింది. చూస్తున్నంతసేపూ నేను ఇంట్లో ఒంటరిగా చేసిన తప్పులన్నీ ఒకటొకటిగా కనబడుతూ వచ్చాయి. నేను కుర్తా మీదే కొలుచుకున్నాను. అక్క పైన పలుచని బనియను లాంటిది మాత్రం ఉంచమంది. లోపల వేసుకునేది మాత్రం ఆ రోజు కుర్తా కింద ఏది వేసుకుంటానో అదే ఉండాలంది, దానిని బట్టే ఛాతీ కొలత మారుతుందట. టేపును చంకల కింది నుంచి తీసుకెళ్లి, ముందు ఛాతీ ఎత్తు ఎక్కువగా ఉన్న చోటు మీదుగా, వెనుక వీపు ఎముకల మీదుగా చుట్టింది. టేపు చుట్టూతా నేలకు సమాంతరంగా ఉండాలి. ఒంటరిగా కొలుచుకునేటప్పుడు మనకు కనిపించేది ముందు వైపు మాత్రమే, వెనుక టేపు జారి కిందికి వచ్చేస్తుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దానికి పక్కగా నిలబడి, వెనుక టేపు ఎక్కడుందో చూసుకోవాలి. టేపు పెట్టేటప్పుడు చేతులు ఎత్తినా, సంఖ్య చదివేటప్పుడు కిందికి దించే చదవాలి. ఊపిరి బిగపట్టకూడదు, మామూలుగా వదిలిన తర్వాత చదవాలి. 37 వచ్చింది. మళ్లీ ఒకసారి తీసింది. మళ్లీ 37.

నడుము దగ్గర నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. ప్యాంటు బొత్తాము పెట్టుకునే చోటే నడుము అనుకుని ఇన్నాళ్లూ అక్కడే కొలుచుకునేదాన్ని. అక్క ఒక లంగా నాడా తీసుకుని నా నడుము చుట్టూ వదులుగా కట్టి, కుడి వైపుకు ఒకసారి, ఎడమ వైపుకు ఒకసారి వంగమంది. వంగితే ఒళ్లు ఎక్కడ మడత పడిందో నాడా వెళ్లి అక్కడే నిలిచింది. బొడ్డుకు ఒక అంగుళం పైన. "ఇదీ నీ నడుము" అంది. 32. కింద కొలిచినప్పుడు 35 వచ్చింది. కుర్తాలో నడుము దగ్గర పడే సన్నని ఆకారం ఆ పై చోటుకే కుదరాలి కాబట్టి పట్టికల్లో ఇచ్చేదీ ఆ కొలతే.

నాడా అలాగే ఉంచి, అక్కడి నుంచి కిందికి 8 అంగుళాలు కొలిచి, పాదాలు రెండూ దగ్గర పెట్టి నిలబడమంది. తుంటి చుట్టూ టేపు తిప్పి, కొంచెం పైకీ కిందికీ జరుపుతూ ఎక్కడ సంఖ్య అన్నింటికన్నా పెద్దగా వస్తుందో వెతికింది. 41 దగ్గర ఆగింది. నేను ఇంట్లో తుంటి ఎముక మీద పెట్టి 38 అనుకున్నాను. కింద కూర్చోవడానికి కుర్తా అడ్డం వచ్చింది ఈ మూడు అంగుళాల వల్లనే. మా ఇళ్లలో ఆడవాళ్లు చాలామంది ఛాతీ ఒక్కటే చూసి సైజు తీసుకుంటారు. పైన సన్నగా, కింద విశాలంగా ఉన్న శరీరానికి సైజు నిర్ణయించేది తుంటే.

ఇక్కడ నేను ఒక ప్రశ్న అడిగాను. జాకెట్టుకు కొలతలు తీసేటప్పుడు ఆవిడ ఎప్పుడూ టేపు కింద రెండు వేళ్లు పెడుతుంది. ఇప్పుడు పెట్టలేదు. ఎందుకని అడిగితే ఆవిడ చెప్పిన మాట నాకు మొత్తం వ్యవహారాన్ని విప్పి చూపించింది. "అప్పుడు బట్ట కత్తిరించేది నేనే కదా, లూజు నేనే కలపాలి. ఇప్పుడు కుట్టింది వేరేవాళ్లు. వాళ్లు కలిపారో లేదో ముందు చూడాలి. వాళ్లూ కలిపి, నువ్వూ కలిపితే గోనెసంచి అవుతుంది. ఎవరూ కలపకపోతే ఊపిరాడదు."

ఎవరూ కలపనిది నా మొదటి కుర్తా, ఇద్దరూ కలిపింది రెండోది. దాన్ని ఆవిడ నోటితో చెప్పి ఊరుకోలేదు. రెండు కుర్తాలనూ కత్తిరించే బల్ల మీద పరిచింది. మొదటి దాని ముడతలు చేత్తో సర్ది, లాగకుండా, చంక కుట్టుకు ఒక అంగుళం కింద ఈ పక్క కుట్టు నుంచి ఆ పక్క కుట్టు వరకు కొలిచింది. 19. రెట్టింపు చేస్తే 38. ఫోనులో పట్టిక తెరిచి చూపించాను. M, ఛాతీ 38. అంటే ఆ పట్టికలో రాసింది మనిషి ఛాతీ కాదు, కుట్టిన కుర్తా కొలత. నా 37 అంగుళాల ఒంటి మీద 38 అంగుళాల కుర్తా వేస్తే చుట్టూతా కలిపి మిగిలే చోటు ఒకే ఒక్క అంగుళం. సాగని నేత బట్టకు ఛాతీ దగ్గర కనీసం రెండు అంగుళాలు, సుఖంగా కదలాలంటే మూడు నాలుగు అంగుళాలు వదులు ఉండాలి. ఆ వదులు ఉంటేనే చేయి ఎత్తడం, బస్సులో కడ్డీ పట్టుకోవడం, పిల్లవాడిని ఎత్తుకోవడం కుదురుతాయి.

రెండో కుర్తా పరిచి అదే చోట కొలిస్తే 22 వచ్చింది. రెట్టింపు 44. ఆ కంపెనీ పట్టికలో XL ఎదుట ఛాతీ 40 అని ఉంది. అంటే వీళ్లు రాసింది మనిషి కొలత. 40 అంగుళాల ఛాతీ ఉన్నవాళ్లకు సరిపోయేలా తామే నాలుగు అంగుళాల వదులు కలిపి కుట్టారు. ఈసారి ఫోను స్క్రీను జాగ్రత్తగా చూస్తే ఆ పట్టిక పైన చిన్న అక్షరాల్లో To Fit Bust అని ఉంది. మొదటి కంపెనీ పట్టిక మీద Garment Measurement అని ఉంది. రెండూ నా కళ్ల ముందే ఉన్నాయి, నేను సంఖ్యలు చూసి ఆ మాటలు దాటేశాను. ఇప్పుడు ఏ పట్టిక తెరిచినా నా కళ్లు ముందు ఆ మాట కోసమే వెతుకుతాయి.

అన్ని చోట్లా ఆ మాట రాసి ఉండదు. అప్పుడు పట్టికలో ఏయే కొలతలు ఇచ్చారో చూస్తాను. కుర్తా పొడవు, భుజం, చేతి పొడవు కూడా ఇచ్చి ఉంటే చాలావరకు అది బట్ట కొలత. ఛాతీ, నడుము, తుంటి మూడే ఉంటే అది మనిషి కొలత కావచ్చు. ఇది ఖాయమైన గుర్తు కాదు, రెండూ కలిపేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అనుమానం ఉంటే అమ్మేవాళ్లను ప్రశ్న అడిగే చోట ఒకే ఒక్క ముక్క అడుగుతాను: M సైజు కుర్తాను పరిచి చంక నుంచి చంక వరకు కొలిస్తే ఎంత వస్తుంది? దీనికి వచ్చిన జవాబుతో ఇంకేమీ అడగాల్సిన పని ఉండదు. కొన్నవాళ్లు రాసే అభిప్రాయాల్లో "చాలా బాగుంది", "సైజు చిన్నది" అన్నవి నాకు ఎందుకూ పనికిరావు. "నా ఛాతీ 38, L తీసుకున్నాను, సరిపోయింది" అని రాసిన ఒక్క వాక్యం దొరికితే మాత్రం అది బంగారం.

M అంటే ఇంత అని మన దేశంలో దుస్తుల తయారీదారులందరూ పాటించే ఒకే లెక్క లేదు. దేశవ్యాప్తంగా మనుషుల కొలతలను స్కానర్లతో సేకరించి భారతీయ సైజుల పట్టిక తయారు చేయడానికి ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ 'ఇండియా సైజ్' అనే సర్వే చేపట్టింది. కొలతలు తీసిన నగరాల్లో మన హైదరాబాద్ కూడా ఉంది. దుకాణాలన్నీ ఒకే లెక్కకు వచ్చేవరకు M అన్న అక్షరాన్ని నేను ఆ ఒక్క కంపెనీ పెట్టుకున్న పేరుగానే చూస్తాను. ఒక కంపెనీలో M సరిపోయిందని ఇంకో కంపెనీలో M తీసుకోను.

అక్క చేసిన అసలు మేలు ఆ తర్వాత చేసింది. "మీ ఇంట్లో నీకు బాగా కుదిరిన కుర్తా ఒకటి ఉంటుంది చూడు, అది పట్టుకురా" అంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్లేటప్పుడు మనం ఆది జాకెట్టు తీసుకెళ్తాం. అమ్మమ్మల కాలం నుంచి ఉన్న అలవాటే. టేపుతో ఎన్ని కొలతలు తీసినా, దర్జీ చివరికి నమ్మేది ఆ ఆదినే. ఎందుకంటే మన ఒళ్లు మాత్రమే కాదు, మనకు ఎంత వదులు ఇష్టమో కూడా అందులోనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఆ ఆదిని ఇంట్లోనే వదిలేశామని అప్పుడు గుర్తొచ్చింది.

వెళ్లి నీలం రంగు కుర్తా తెచ్చాను. నాలుగేళ్లుగా ఆఫీసుకు వేసుకునేది, సాగని బట్టే, ఎక్కడా పట్టదు, ఎక్కడా వేలాడదు. దాన్ని ఇస్త్రీ చేసి బొత్తాములు పెట్టి బల్ల మీద పరిచాం. పరుపు మీద పెట్టి కొలవకూడదట, బట్ట కుంగిపోయి లెక్క తప్పుతుంది. గట్టి బల్ల కానీ నేల కానీ ఉండాలి. చంక కింద 20 వచ్చింది, అంటే ఛాతీ 40. నడుము దగ్గర 18, రెట్టింపు 36. పక్క చీలిక మొదలయ్యే చోటికి కాస్త పైన 22, అంటే తుంటి 44. భుజం, వెనుక వైపు ఈ కుట్టు నుంచి ఆ కుట్టు వరకు తిన్నగా 14న్నర. భుజం కొలతను మాత్రం రెట్టింపు చేయకూడదు. పొడవు, మెడ పక్కన భుజం ఎత్తుగా ఉండే చోటు నుంచి కింది అంచు వరకు 42. ఒంటి కొలతల పక్కన ఈ కొలతలు రాస్తే నా వదులు ఎంతో కళ్లకు కట్టింది. ఛాతీ దగ్గర 3 అంగుళాలు, నడుము దగ్గర 4, తుంటి దగ్గర 3.

ఇక రెండు పట్టికల్లోనూ నా సైజు వెతకడం రెండు నిమిషాల పని అయింది. మొదటి కంపెనీది బట్ట కొలత కాబట్టి దాన్ని నా ఆది కుర్తాతో పోల్చాలి. M ఛాతీ 38, తుంటి 42. L ఛాతీ 40, తుంటి 44. L అచ్చంగా నా ఆదే. రెండో కంపెనీది మనిషి కొలత కాబట్టి దాన్ని నా ఒంటితో పోల్చాలి. అక్కడ M ఛాతీ 36, తుంటి 39. L ఛాతీ 38, తుంటి 41. నా 37 రెండింటి మధ్యన పడింది కానీ తుంటి 41 కాబట్టి అక్కడా L. ఒక చోట M, ఇంకో చోట XL తెప్పించుకుని తిప్పలు పడ్డ నాకు రెండు చోట్లా కావలసింది L.

రెండు సైజుల మధ్య పడినప్పుడు ఏది తీసుకోవాలని అక్కను అడిగాను. సాగని బట్ట అయితే పెద్దదే తీసుకోమంది. పక్క కుట్లు లోపలికి వేసి బిగించడం పావుగంట పని. వదలాలంటే మాత్రం లోపల బట్ట ఉండాలి. మా M కుర్తా తిరగేసి చూపించింది, కుట్టు లోపల మిగిలిన బట్ట అర అంగుళం కూడా లేదు. దర్జీ కుట్టిన జాకెట్టులో వదులు చేసుకోవడానికి రెండు మూడు కుట్లు వేసి ఉంచినట్టు రెడీమేడ్ వాటిలో ఉంచరు. అయితే పెద్ద సైజు తీసుకోవడానికి ఒక హద్దు ఉంది, అది భుజం. నా XL కుర్తా భుజం 16 ఉంది, నా ఆది 14న్నర. ఒక్కో పక్క ముప్పావు అంగుళం జారుతుంది. దాన్ని సరిచేయాలంటే చేతులు ఊడదీసి, చంక గుండ్రం మళ్లీ కత్తిరించి, చేతులు తిరిగి అతకాలి. "ఆ పనికి కొత్తది కుట్టినంత సేపు పడుతుంది" అంది. అందుకే ఛాతీ, తుంటి చూసి సైజు ఎంచుకున్నాక, ఆ సైజుకు భుజం ఎంత ఉందో ఇప్పుడు తప్పకుండా చూస్తాను. అర అంగుళం వరకు తేడా ఉంటే ఒప్పుకుంటాను. అంతకు మించితే ఎంత నచ్చినా వదిలేస్తాను.

రెండు కుర్తాలూ వెనక్కి పంపి, మొదటి కంపెనీలోనే ఆకుపచ్చది L పెట్టాను. ఆర్డరు నొక్కే ముందు ఇంకొకటి చూశాను, పొడవు. ఫోటోలోని అమ్మాయి ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు అని కింద రాశారు. ఆమెకు కుర్తా మోకాలు దాటి అందంగా ఆగింది. పట్టికలో పొడవు 46. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. మెడ పక్కన భుజం మీద టేపు పెట్టి, ఛాతీ మీదుగా కిందికి వదిలితే 46 నా పిక్కల మధ్యకు వచ్చింది. నాకు నచ్చే పొడవు 42. ఫోటో చూసి అనుకున్న ఆకారం నా మీద రాదని ముందే తెలిసింది. నాలుగు అంగుళాలు తగ్గించాలి, కానీ కింద జరీ అంచు ఉంది. అక్కను అడిగితే అంచు విప్పి, పైన బట్ట కత్తిరించి, అంచు మళ్లీ వేస్తానంది. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోమంది: కింద కత్తిరిస్తే పక్క చీలిక కూడా నాలుగు అంగుళాలు పొట్టిదవుతుంది. చీలిక మరీ చిన్నదైతే నడక ఇబ్బందిగా ఉంటుంది. ఆ కుర్తాకు చీలిక పొడవుగానే ఉంది కాబట్టి సరే అనుకున్నాను. కింద అంతా పువ్వుల డిజైను అచ్చు వేసి ఉండి ఉంటే కత్తిరించడానికి వీలే ఉండేది కాదు.

ఐదో రోజున కుర్తా వచ్చింది. చీటీలు తీయకుండా, ఉతకకుండా ముందు వేసుకుని చూశాను. ఈసారి అద్దం ముందు నిలబడి ఊరుకోలేదు. చేతులు పైకెత్తి జడ ముడి వేసుకున్నాను. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వంగి చెప్పు తొడుక్కున్నాను. అక్క చెప్పిన గుర్తులు ఒక్కొక్కటే చూశాను. చంక నుంచి ఛాతీ వైపు అడ్డంగా గీతలు లాగితే బిగుతు. ఛాతీ పైన నిలువు మడతలు పడితే వదులు. కదలకుండా నిలబడినా పక్క చీలిక విచ్చుకుంటే తుంటి చాలదు. మెడ ముందుకు తెరుచుకుంటే భుజం పెద్దది. ఏదీ లేదు. పొడవు ఒక్కటే తగ్గించాలి. ఆ సాయంత్రమే చీటీలు తీసి అక్కకు ఇచ్చాను. ఒకసారి కత్తెర పడ్డాక వెనక్కి పంపలేం కాబట్టి, ఆ పరీక్షలన్నీ అయ్యేదాకా నేను కత్తెర దగ్గరకు పోనివ్వలేదు. నిశ్చితార్థం రోజు గంటన్నర సేపు పీట పక్కన కూర్చుని లేచాను. కుర్తా ఉన్న సంగతే గుర్తుకు రాలేదు.

ఆ తర్వాత ఈ పద్ధతి ఒక చోట తడబడింది. ఎండాకాలం కోసం ముతక నూలు కుర్తా ఒకటి తెప్పించాను. పట్టిక నా ఆదితో అచ్చంగా సరిపోయింది, వచ్చాక కొలిస్తే ఛాతీ 40, పొడవు 42. మొదటిసారి నీళ్లలో నానబెట్టి ఆరేశాక మళ్లీ పరిచి కొలిచాను. పొడవు 40 ముప్పావుకు, ఛాతీ 39 పావుకు వచ్చింది. నూలు బట్ట మొదటి తడుపుకు కుదించుకుంటుంది, నేతలో నిలువు పోగు దిక్కున ఎక్కువగా కుదించుకుంటుంది, అందుకే పొడవు మీద దెబ్బ ఎక్కువ. ఇప్పుడు నూలు కుర్తాలకు, కుదించడం ముందే అయిపోయిందని రాసి ఉంటే తప్ప, ఛాతీ దగ్గర ఒక అంగుళం, పొడవు దగ్గర ఒకటిన్నర అంగుళం ఎక్కువ ఉన్నదే వెతుకుతాను. అలాగే పొద్దున్న నడకకు తెప్పించుకున్న అల్లిక టీషర్టు బట్ట కొలత 36 ఉన్నా నా 37 ఒంటికి సుఖంగా పట్టింది. ఆ బట్ట సాగుతుంది కాబట్టి నా మూడు అంగుళాల లెక్క దానికి వర్తించదు. ఆది కుర్తా ఎలాంటి బట్టదో, కొనబోయేది కూడా అలాంటి బట్టదే అయినప్పుడే ఆ కొలతలు పనికొస్తాయి.

పోయిన వారం హైదరాబాద్ నుంచి మా కాబోయే మరదలు ఫోను చేసింది. "వదినా, మీరు వేసుకున్న ఆకుపచ్చ కుర్తా లాంటిదే నాకూ కావాలి. నాకు ఎప్పుడూ Mఏ సరిపోతుంది, పెట్టేయనా?" అని అడిగింది. తనకు బాగా కుదిరిన కుర్తా ఒకటి నేల మీద పరిచి, చంక కింద టేపు పెట్టి ఫోటో తీసి పంపమన్నాను. పంపింది. పంతొమ్మిదిన్నర కనబడుతోంది. ఫోటో పెద్దది చేసి చూశాను, టేపు చివర లోహపు బిళ్ల కుర్తా అంచు దాటి బయటికి ఉంది. బిళ్ల అంచును కుట్టు మీద పెట్టి మళ్లీ తీయమన్నాను. రెండో ఫోటోలో 19 వచ్చింది.

"38. అయితే నీకు ఇక్కడ Mఏ, పెట్టేయ్" అన్నాను.